సూక్త క్రమం రాసే అంజనమ్మ

కన్నడ సీమలోని బాగేపల్లి తాలూకాలో జూనియర్ కాలేజీ కలిసిన ఒక సర్కారీ హైస్కూలు ఉంది. ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే ఆ ప్రిన్సిపాలు నా మీద కూడా ఒక కాగితం రాయిస్తాడు, దాన్ని రాసేది మళ్లీ మన అంజనమ్మే అవుతుంది. ఆమె రాసిందంటే ఇక నేను చేసిన తప్పేమిటో నాక్కూడా అర్థం కాదు.

అంజనమ్మ ఆ స్కూలు ఆఫీసులో గుమాస్తా. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. ఇంట్లో తెలుగు, కాగితం మీద కన్నడ, కోపం వస్తే రెండూ. చేతిరాత ముత్యాల కోవ. కంప్యూటరు కూడా ఉంది గానీ, కరెంటు ఉన్న రోజు అది పలకదు, అది పలికే రోజు కరెంటు ఉండదు. అందుకే పై ఆఫీసులకు పోయేవన్నీ ఇప్పటికీ ఆమె చేతిమీదుగానే పోతాయి.

ఆమె గొప్పతనమంతా రాతలో లేదు, ఉతకడంలో ఉంది. ఎంత మురికి సంగతైనా సరే, ఆమె కలం కింద పడిందంటే తెల్లగా బయటికొస్తుంది. ఒకసారి ఇద్దరు మాస్టర్లు టైంటేబులు దగ్గర కొట్టుకున్నారు. ఒకాయన డస్టరు విసిరాడు, ఇంకొకాయన కళ్లజోడు పగిలింది. అంజనమ్మ ఏం రాసిందో తెలుసా? 'బోధనా వేళల గురించి ఆత్మీయ సంవాదం జరిగింది.' కళ్లజోడు పగిలినాయన కూడా అది చదివి మురిసిపోయి సంతకం పెట్టాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంజనమ్మ నవ్వితే చీర కొంగు నోటికి అడ్డం వస్తుంది. పెళ్లిచూపుల్లో అది చూసి మగపెళ్లివారు "పిల్లకు సిగ్గెక్కువ" అని మెచ్చుకున్నారట. సిగ్గూ లేదు, పాడూ లేదు. పళ్ల మీద ఇటుకరంగు చారలు. ఆమె పుట్టిన ఊళ్లో బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్లందరికీ ఉన్న చారలే. నీళ్లలో ఫ్లోరైడ్ అని తర్వాతెప్పుడో డాక్టరు చెప్పాడు. అప్పటికే కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది. అది పెట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

ఈ ఆగస్టులో వచ్చిన తంటా ఆ స్కూలు శాలా సంసత్తు, అంటే పిల్లల పార్లమెంటు, వల్ల వచ్చింది. ఆ పక్క బళ్లల్లో ఏడాదికొకసారి పిల్లలు ఓట్లు వేసుకుని ఒక మంత్రివర్గాన్ని కట్టుకుంటారు. ఆరోగ్య మంత్రి, ఆహార మంత్రి, క్రీడా మంత్రి, ఇంకా ఎవరెవరో. నెలకొకసారి కూర్చుంటారు. వాళ్ల కార్యదర్శి చిత్తుగా రాసుకుంటాడు. దాన్ని సాపు చేసి నడావళి పుస్తకంలోకి, అంటే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించి, సభ్యుల సంతకాలు పెట్టించి, ప్రిన్సిపాలు ముందు పెట్టాలి. తనిఖీకి వచ్చే అధికారులు ఆ పుస్తకం తిరగేసి "భేష్" అని టీ తాగి పోతారు. సాపు చేయాల్సింది నిజానికి సంసత్తు చూసుకునే పురుషోత్తమ్ మాస్టరు. ఆయన ఎంచక్కా ఆ పని అంజనమ్మ మీదికి నెట్టేసి చాలా ఏళ్లయింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా ఆయన లెక్కల నోటులోంచి చించిన ఏడు కాగితాలు ఆమె బల్ల మీద పెట్టాడు.

"అంజనమ్మా, నీ చేతిమీద పడితేనే దీనికి ఒక మర్యాద. బుధవారం తనిఖీ ఉండాదంట. చూసుకో తల్లీ," అని చెప్పి చెప్పులు టకటకలాడిస్తూ వెళ్లిపోయాడు.

కార్యదర్శి చంద్రు. తొమ్మిదో తరగతి. వాడి రాత చూసి అంజనమ్మ తల పట్టుకుంది. అక్షరాలు కన్నడవి, మాటలు తెలుగువి. మంత్రులందరూ మాట్లాడుకున్నది ఇంట్లో మాట్లాడుకునే తెలుగే కదా, వాడు విన్నది విన్నట్టు బడిలో నేర్చిన అక్షరాల్లో దించేశాడు. పైగా పేర్లు లేవు. 'పొడుగోడు', 'మురుగమల్ల పాప', 'సోడాబుడ్డి' అని ఉన్నాయి. తోట మంత్రి ఎవరు, సోడాబుడ్డి ఎవరు అని ఆమె హాజరుపట్టీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కరినే పోల్చుకుంది. హాజరైనవారు పద్నాలుగు. రానివారు ఒకరు, కారణం గజ్జి. 'గజ్జి' కొట్టేసి 'అనారోగ్యం' అని రాసింది.

ఒకటో విషయం, పోయిన నెల నడావళి చదివి ఒప్పుకోవడం. రెండు, తోట. మూడు, మధ్యాహ్న భోజనం. నాలుగు, ఆటల సామాను. ఇవన్నీ చకచకా అయిపోయాయి. 'సాంబారులో మా ముఖం కనబడతాండాది' అన్న ఆహార మంత్రి మాట 'సాంబారు చిక్కదనం పెంచవలసిందిగా కోరడమైనది' అయింది. ఐదో విషయం దగ్గర కలం ఆగింది. చంద్రు ఇలా రాశాడు:

'5. నీళ్లు. ఆశా లేసి, మిషను వచ్చి నాలుగు నెల్లాయ, ఇంకా పట్టుచీర కట్టుకోని నిలబడుకోనుండాది, ఎవురికోసరం అనె. క్రీడా మంత్రి, మొగుడు వచ్చేదాకా చీర తియ్యకూడదంట అనె. అందురూ నవ్విరి. ఆశా మాత్రం నవ్వలేదు. పొడుగోడు, మా మామ ఇట్లాటివి ఫిట్ చేస్తాడు, నీళ్లు పారకుండా ఊరికే పెడితే లోపల పొర చెడిపోతుందంట అనె. ఓటు పెట్టిరి. తెరవల్ల 12. వద్దు 2. ఎప్పుడు, సోమవారం ప్రార్థనకు ముందే. ఎవురు తెరవల్ల,'

ఆ తర్వాత ఒక పేరు. దాన్ని మూడు గీతలతో కొట్టేసి, పైన వేలితో రుద్ది, కాగితానికి చిల్లి పెట్టాడు.

మిషను సంగతి ఊరందరికీ తెలుసు. చింతామణిలో టొమాటో మండీ నడిపే బైరప్ప పుణ్యానికి నీళ్లు శుద్ధి చేసే యంత్రం ఇచ్చాడు. బిగించి నాలుగు నెలలైంది. ఒక పెద్దాయన వచ్చి ప్రారంభించాలి. పెద్దాయన తేదీ ఇవ్వడు. అందుకని దానికొక పసుపు పట్టుగుడ్డ చుట్టి, కొళాయి తలుపుకు బీగం వేశారు. పిల్లలు మాత్రం పక్కనే ఉన్న, అదే ఫ్లోరైడ్ నీళ్లొచ్చే పాత బోరు కొళాయి దగ్గర దోసిళ్లు పట్టి తాగుతున్నారు.

అంజనమ్మ ఎక్కువ ఆలోచించలేదు. ఇలాంటి వాటికి ఆమె దగ్గర ఒక మందు ఉంది. 'తాగునీటి విషయం సుదీర్ఘంగా చర్చించి, సూక్త క్రమం తీసుకోవాలని సర్వానుమతంతో తీర్మానించారు.' సూక్త క్రమం అంటే తగిన చర్య. ఆ రెండు మాటలు రాశాక ఈ భూమ్మీద ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. సిరా ఆరాక టీ తాగింది.

నాలుగు గంటలకు సంతకాలకని చంద్రు, ఆశా వచ్చారు. ఆశా ఆరోగ్య మంత్రి. పదో తరగతి. బక్కపల్చటి పిల్ల, మాట మాత్రం కొడవలి. మిగతా మంత్రులు చదవకుండా పెట్టేస్తారు సంతకం. ఈ పిల్ల నిలబడి మొదటి గీత నుంచి చదివింది.

"అమ్మా, ఇది మా మీటింగు కాదమ్మా."

"మీదే పాపా. సాపు చేస్తే అట్లే ఉంటుంది."

"సర్వానుమతం అని రాసినారు. ఇద్దరు వద్దన్నారు కదా. సోమవారం అన్నాం, అది యాడ పోయె? సూక్త క్రమం అంటే ఏందమ్మా?"

ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. అధికారులు అడగలేదు, మాస్టర్లు అడగలేదు.

"అంటే... చేయాల్సింది చేస్తారని."

"ఎవురు చేస్తారు?"

"సంబంధపట్టవాళ్లు. అదే, ఆ పనికి సంబంధించినవాళ్లు."

ఆశా అదే పుస్తకాన్ని వెనక్కి తిప్పింది. పోయిన ఏడాది ఆగస్టు, తాగునీరు, సూక్త క్రమం. అంతకు ముందేడు జూలై, తాగునీరు, సూక్త క్రమం. ఒక్కొక్క పేజీ మీద వేలు పెట్టి చదువుతూ పోయింది. ఏడేళ్లు. ఏడు సూక్త క్రమాలు. అన్నీ ఒకే ముత్యాల కోవ.

"మా అక్క కూడా ఈ బళ్లోనే చదివింది. ఆమె మంత్రిగా ఉన్నప్పుడు కూడా ఇదే అడిగిందంట. ఇదో, ఇక్కడుండాది," అంది ఆశా. అంటూ చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంజనమ్మ చూసింది. ఆ పిల్ల అడ్డం పెట్టుకున్నది కోపం దాచుకోవడానికి కాదు. చున్నీ పక్క నుంచి ముందు పళ్ల మీద చారలు కనబడుతున్నాయి. అప్పుడే లేత ఇటుకరంగు. తన చెయ్యి కూడా అప్పటికే కొంగుతో నోటి దగ్గరికి వచ్చి ఉందని ఆమెకు తెలిసింది. బల్లకు అటు ఒక నోరు, ఇటు ఒక నోరు, రెండూ మూసుకుని ఉన్నాయి. ఈ పిల్ల పళ్లు నేనే ఖరాబు చేసినాను అనుకుంది, అనుకుని తనమీద తనకే మహా అసహ్యం వేసింది.

ఆమె చంద్రు కాగితాన్ని ముందుకు తోసింది.

"ఇది కొట్టేసినావే, ఎవురి పేరురా ఇది? చిత్తులో తెలీనిది నేను ఊహించి రాయకూడదు. రాసినోడివి నువ్వు, నువ్వే చెప్పల్ల."

చంద్రు కాలి బొటనవేలితో నేల గీకాడు. ఆశా వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"అది... మీ పేరే అమ్మా," అన్నాడు వాడు. "బీగంచెవి మీ డ్రాయర్లో కదా ఉండేది. అందురూ మీ పేరే చెప్పిరి. రాస్తే మీరు తిడతారని నేనే కొట్టేసినా."

అంజనమ్మ డ్రాయరు లాగింది. రబ్బరు స్టాంపుల పక్కన, పసుపు దారం కట్టిన తాళంచెవి. పెద్దాయన వచ్చేదాకా ఇది బయటికి రాకూడదని ప్రిన్సిపాలు ఇచ్చాడు, ఆమె పెట్టింది, మరిచింది. సంబంధపట్టవాళ్లు ఎవరో ఇప్పుడు తెలిసింది.

"మీరు పొండి. రేపు పొద్దున రండి సంతకానికి," అంది.

ఆమె మొత్తం నడావళి మళ్లీ రాసింది. ఆ పేజీని అడ్డంగా కొట్టేసి 'రద్దు' అని రాసి సంతకం పెట్టింది. పుస్తకంలో పేజీ చించకూడదు, అది ఆమె ధర్మం. కొత్త పేజీలో మొగుడి జోకు తీసేసింది. నవ్వడం తీసేసింది. ఎవరు ఎవరిని ఏమని వెక్కిరించారో అదంతా నడావళికి అక్కర్లేదు. పొడుగోడి మాట కూడా అట్లే తీసేయబోయి ఆగింది. అది కబుర్లు కాదు, కారణం. అందుకని దాన్ని ఉంచి, పొడుగోడికి 'విజ్ఞాన మంత్రి రూపేష్' అని మర్యాద చేసింది. తర్వాత ఇట్లా రాసింది: 'శుద్ధ నీటి యంత్రాన్ని పిల్లల ఉపయోగానికి తెరవాలని ఆరోగ్య మంత్రి ఆశా సూచించగా, రూపేష్ అనుమోదించాడు. యంత్రం నడవకపోతే లోపలి పొర చెడిపోతుందని అతడు తెలిపాడు. అనుకూలం 12, ప్రతికూలం 2. తీర్మానం అంగీకరించారు. గడువు: సోమవారం, ప్రార్థనకు ముందు. బాధ్యత:'

ఆ ఖాళీలో తన పేరు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఏళ్లకేళ్లు అందరి పేర్లూ రాసిన చెయ్యే. 'అంజనమ్మ' అని రాసి చూసుకుంటే ఎవరో కొత్త మనిషి పేరులా కనబడింది.

శనివారం పొద్దున పద్నాలుగు సంతకాలూ పడ్డాయి. వద్దన్న ఇద్దరు కూడా తమ లెక్క సరిగ్గా ఉందని చూసుకుని మరీ పెట్టారు. అంజనమ్మ పుస్తకం తీసుకుని ప్రిన్సిపాలు మునికృష్ణప్ప గదిలోకి పోయింది.

మునికృష్ణప్ప చెడ్డవాడు కాదు. భయస్థుడు. గోడ మీద బల్లి అరిచినా పై ఆఫీసు నుంచి ఏదో వచ్చిందనుకునే రకం. సంతకం పెట్టడానికి కలం తీసి, అలవాటు లేకపోయినా ఎందుకో ఐదో విషయం చదివాడు. కలం మూత పెట్టేశాడు.

"ఏమమ్మా ఇది? ఎప్పుడూ రాసే మాట ఒకటుండాది కదా. అది రాయి."

"సూక్త క్రమమా సార్?"

"ఆఁ, అదే. బంగారం లాంటి మాట."

"ఆ మాట వాళ్లు అనలేదు సార్. అననిది రాస్తే సంతకం పెట్టేది లేదంటాండారు. సంతకాలు లేని పుస్తకం బుధవారం తనిఖీలో ఎట్లా పెడతారు?"

"పిలకాయలు నన్ను బెదిరిస్తాండారా?"

"లేదు సార్. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసినాను, అంతే."

"పెద్దాయనకు తెలిస్తే? బైరప్ప ఏమనుకుంటాడు? రిబ్బను కోయకముందే పిలకాయలు నీళ్లు తాగేస్తే ఇంక ఆయన వచ్చి ఏం కోయల్ల, నా మెడనా?" అని మునికృష్ణప్ప లేచి నిలబడ్డాడు. "నీకు ఇంకా ఏడాది సర్వీసు ఉండాది. చక్కగా రిటైరయి పోక, నీకెందుకమ్మా ఇంత?"

అంజనమ్మ కొంగు కిందికి దించింది. పెదాలు విడదీసి, పళ్లన్నీ కనబడేట్టు ఆయన ముందు నిలబడింది. నవ్వలేదు. పద్నాలుగేళ్లుగా ఒకే ఆఫీసులో ఉన్న మనిషి ఆమె పళ్లు చూడటం అదే మొదటిసారి.

"ఇందుకు సార్. ఆ ఆశాకు కూడా ఇట్లే వస్తాండాయి. ఏడేండ్లుగా వాళ్లడిగింది నేనే మింగేసినాను. ఇంక నా చేత కాదు."

మునికృష్ణప్ప కూర్చున్నాడు. బల్ల మీద పేపరువెయిటును అటూ ఇటూ తిప్పాడు. జాలి పడ్డాడా అంటే పడ్డాడు, కానీ జాలితో సంతకం పెట్టే ఉద్యోగం కాదు అది. అది అంజనమ్మకు తెలియదా? ఇరవై తొమ్మిదేళ్లు ఊరికే చేసిందా?

"పొర సంగతి కూడా చూడండి సార్," అంది మెల్లగా. "పెద్దాయన వచ్చి, ఫోటోవాళ్ల ముందర రిబ్బను కోసి కొళాయి తిప్పినాడనుకోండి. బుస్సుమని గాలి వచ్చి ఊరుకుంటే?"

మునికృష్ణప్ప ముఖంలో నెత్తురు లేదు. ఆ గాలి చప్పుడు ఆయనకు వినబడినట్టుంది.

"నడావళిలో మాట మార్చొద్దులే," అన్నాడు చివరికి. "అది పిలకాయలది. కింద నా షరా నేను రాస్తా." కలం తీసి, నడావళి కింద తన చేత్తో రాశాడు: 'చూశాను. యంత్రం స్థితి తెలుసుకొనుటకు ప్రయోగాత్మకంగా నడపడానికి అనుమతించడమైనది. ప్రారంభోత్సవం ప్రత్యేకంగా జరుగును.' సంతకం, తేదీ, ముద్ర. తర్వాత వేలు ఎత్తి చెప్పాడు.

"కానీ ఆ పట్టుగుడ్డ మాత్రం తియ్యకూడదు. అది పెద్దాయనే తియ్యల్ల."

"అట్లే సార్. నీళ్లు కింద నుంచి కదా వచ్చేది," అంది అంజనమ్మ.

సోమవారం ప్రార్థన గంటకు ఇరవై నిమిషాల ముందు అంజనమ్మ డ్రాయరులోంచి తాళంచెవి తీసింది. పిల్లలు సీసాలు పట్టుకుని వరండా పొడవునా నిలబడ్డారు. బీగం తుప్పు పట్టింది, అటెండరు నంజప్ప కొబ్బరినూనె పోశాక గానీ కదల్లేదు. స్విచ్చి వేస్తే పట్టుగుడ్డ లోపల యంత్రం గురగురమంది. పొడుగోడు రూపేష్ తన మామ మాట ప్రకారం మొదటి రెండు బకెట్లు పారబోయాలన్నాడు. పారబోయమంటే నెత్తిన పోసుకున్నాడు వెధవ, యూనిఫారంతో సహా.

ఆశా గుడ్డ అంచును కొంచెం పైకెత్తి, గ్లాసు పట్టింది. నిండాక తను తాగలేదు, అంజనమ్మకు ఇచ్చింది.

"బాధ్యత మీదే కదా అమ్మా. ముందు మీరు తాగల్ల. ఏమన్నా అయితే మీకే కానీ," అంది.

అంజనమ్మ తాగింది. ఏ రుచీ లేదు. ఉప్పూ లేదు, చేదూ లేదు. ఊరికే నీళ్లు. ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ఒక చేతిలో తాళంచెవి, ఒక చేతిలో గ్లాసు, ఇంక కొంగు పట్టుకోవడానికి చెయ్యి ఏదీ?

పెద్దాయన ఇంకా తేదీ ఇవ్వలేదు. పట్టుగుడ్డ వెలిసి తెల్లబడుతోంది. పిల్లలు రోజూ దాని అంచు ఎత్తి నీళ్లు పట్టుకుంటారు.

సెప్టెంబరు మీటింగు అయ్యాక చంద్రు చిత్తు కాగితాలు మళ్లీ బల్ల మీదికి వచ్చాయి. మొదటి విషయం, పోయిన నెల పనులు. వాడు ఇలా రాశాడు: 'నీళ్లు. అంజనమ్మ బీగం తీసె. పొడుగోడు నెత్తిన పోసుకునె. అంజనమ్మ నవ్వె. పళ్లు కనబడె. ఆశా కూడా నవ్వె, చున్నీ లేకుండా.'

అంజనమ్మ నడావళిలో 'తాగునీరు' అని రాసి, ఎదురుగా 'పూర్తయింది' అని రాసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆ పుస్తకంలో రాయడం మొదటిసారి, స్పెల్లింగు సరిగ్గా ఉందా అని రెండుసార్లు చూసుకుంది. మిగతా నాలుగు వాక్యాలూ వదిలేసింది. ఎవరు నవ్వారో నడావళికి అక్కర్లేదు కదా.

సంతకాలయ్యాక చిత్తు కాగితాలు చించేయడం ఆమె అలవాటు. ఆరు చించింది. ఏడోది, ఆ నవ్వులు రాసి ఉన్నది, మడిచి టిఫిను సంచిలో పెట్టుకుని ఇంటికి పోయింది.